ఓటీపీ చెప్పేముందు

2025 డిసెంబరు రెండో వారం. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ బయట ఆటో స్టాండు దగ్గరికి ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. వరసలో మూడో ఆటో శీనుది.

"శీనన్నా, నీ లోను సగం అయిపోయింది. కొత్తగా రెండు లక్షలు శాంక్షనైంది. అదే రూపాయి వడ్డీ, అదే కిస్తీ, మూడేళ్లు. పాత లోను మేమే క్లోజ్ చేసుకుని మిగతాది నీ అకౌంట్లో వేస్తాం. ఫోనుకి ఓటీపీ వస్తది, అది చెప్తే చాలు."

శీనుకు డబ్బు అవసరం అప్పుడు గట్టిగానే ఉంది. బండి పొగ వదులుతోంది. ఆటోనగర్ మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, బోరు చేయించి పిస్టన్ మార్చాలి, పద్దెనిమిది వేలవుతుందన్నాడు. అక్టోబరు కిస్తీ ఇంకా కట్టలేదు. శీను స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని మనసులోనే లెక్క వేసుకున్నాడు. తీసుకున్నది రెండు లక్షలు. సగం తీరితే మిగిలింది లక్ష. కొత్త రెండు లక్షల్లోంచి ఆ లక్ష పోగా చేతికి లక్ష వస్తుంది. ఇంజన్ బాగుచేయించి, బాకీ కిస్తీ కట్టేసినా ఇంకా డెబ్బై వేలు మిగులుతాయి.

ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పిందో చెప్పడానికే ఈ కథనం. శీను పేరు, అతని అక్క, ఆ ఫైనాన్స్ కంపెనీ, అన్నీ కల్పితాలే. కిస్తీల లెక్కలు, రిజర్వు బ్యాంకు నిబంధనలు మాత్రం నిజమైనవి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కిస్తీ మీద బండి నడుపుతున్న ఎవరైనా తమ కాగితాల మీద ఇదే లెక్క వేసి చూసుకోవచ్చు.

శీను ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 జూన్‌లో సీఎన్‌జీ ఆటో కొన్నప్పుడు దాచుకున్న డబ్బు కొంత ముందు కట్టి, రెండు లక్షలు ఫైనాన్స్ తీసుకున్నాడు. నెలకు 7,556 రూపాయల చొప్పున 36 కిస్తీలు. ప్రతి నెలా అయిదో తేదీన బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. మొదటి కిస్తీ జులై 5న పోయింది. మూడో కిస్తీకి ముందే, సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ నీళ్లలో మునిగింది. ఆటో సీటు దాకా నీళ్లు వచ్చాయి. సెప్టెంబరు, అక్టోబరు కిస్తీలు రెండూ బౌన్సయ్యాయి. తర్వాత బండి బాగుచేసుకుని, ఆ రెండూ ఆలస్యంగా కట్టాడు. 2025 మే నెలలోనూ ఒకసారి అలాగే జరిగింది.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీ లేకుండా ఊరెళ్లగలగడం ఇంట్లో ఆడవాళ్లకు ఎంత ఊరటో శీనుకు తెలుసు, అతని తల్లి కూడా ఆ బస్సే ఎక్కుతుంది. కానీ షేర్ ఆటో ఎక్కేవాళ్లు తగ్గారు. సెప్టెంబరు కిస్తీ బౌన్సయింది. వారం తర్వాత కంపెనీ వసూలు మనిషి స్టాండుకే వస్తే, నగదు ఇచ్చి రసీదు తీసుకున్నాడు. అక్టోబరు 4న ఆటో డ్రైవర్లకు ప్రభుత్వం ఇచ్చిన పదిహేను వేలు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడ్డాయి. కిస్తీ కట్ అయ్యేది మాత్రం వేరే బ్యాంకు ఖాతాలోంచి. మర్నాడు అయిదో తేదీన ఆ ఖాతాలో డబ్బు లేక కిస్తీ మళ్లీ బౌన్సయింది. ఆలోపే ఆ పదిహేను వేలు బండి బీమాకు, ఫిట్‌నెస్ పనులకు అయిపోయాయి. ఒక ఖాతాలో డబ్బుండి మరో ఖాతా ఖాళీగా ఉండటం వల్ల పడే ఈ బౌన్సు చార్జీలు చాలామంది డ్రైవర్లకు అనుభవమే. కిస్తీ ఖాతా, సర్కారు డబ్బు పడే ఖాతా ఒక్కటే చేసుకుంటే ఈ బెడద కొంత తప్పుతుంది.

ఓటీపీ చెప్పడానికి శీను రెండు రోజులు గడువడిగాడు. కారణం అతని అక్క. ఆమె మెప్మాలో రిసోర్స్ పర్సన్‌గా చేస్తోంది. వాడలోని పొదుపు సంఘాల పుస్తకాలు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, అసలెంత, వడ్డీ ఎంత, ఈ లెక్కలన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి.

"సంతకం పెట్టేశావా?" అనడిగింది ఆమె.

"సంతకం ఏం లేదక్కా. ఓటీపీ చెప్తే చాలన్నాడు."

"ఒరే, ఇప్పుడు ఓటీపీనే సంతకంరా. అది చెప్తే కాగితమంతా చదివి ఒప్పుకున్నట్టే. ముందు నీ పాత లోను కాగితాలు తెప్పించు. రీపేమెంట్ షెడ్యూలు, అకౌంటు స్టేట్‌మెంటు, ఈ రోజు మూసేస్తే ఎంత కట్టాలో చెప్పే లెటరు. ఆ మూడూ లేకుండా నాతో మాట్లాడకు."

కంపెనీ యాప్‌లో మొదటి రెండూ దొరికాయి. మూడోదాన్ని ఫోర్‌క్లోజర్ లెటర్ అంటారు. దానికోసం బ్రాంచికి వెళ్లి అడగాల్సి వచ్చింది. మర్నాటి సాయంత్రం అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు.

అక్క ముందుగా షెడ్యూలు తీసింది. అందులో 36 వరసలుంటాయి, నెలకొకటి. ప్రతి వరసలో కిస్తీ, అందులో వడ్డీకి పోయేదెంత, అసలుకు పోయేదెంత, ఆ తర్వాత మిగిలే అసలెంత అని ఉంటుంది. మొదటి వరసలో 7,556 కిస్తీలో వడ్డీ 3,533, అసలు 4,023 అని ఉంది.

"రెండు లక్షల్లో ఎన్ని వందలున్నాయి?"

"రెండు వేల వందలు."

"3,533ని రెండు వేలతో భాగించు."

శీను ఫోన్లో కొట్టి చూశాడు. నూటికి నెలకు రూపాయి డెబ్బై ఏడు పైసలు. రూపాయి వడ్డీ అన్నది రూపాయి ముప్పావలా దాటింది. సాలుకు 21.2 శాతం.

కంపెనీ కుర్రాడు అబద్ధమాడలేదు. మాటలో మెలిక ఎక్కడుందో అర్థం కావాలంటే ఊళ్లో రూపాయి వడ్డీని గుర్తు తెచ్చుకోవాలి. ఊళ్లో ఎవరి దగ్గరైనా రెండు లక్షలు రూపాయి వడ్డీకి తెస్తే, నెలకు రెండు వేలు వడ్డీ కట్టి, మూడేళ్ల తర్వాత రెండు లక్షలూ ఒక్కసారే తిరిగిస్తాం. మూడేళ్లూ ఆ రెండు లక్షలు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ వడ్డీ న్యాయంగా రూపాయే. ఫైనాన్స్ కిస్తీలో అలా కాదు. మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెంగా తిరిగి పోతూ ఉంటుంది. అయినా మొత్తం వడ్డీని మాత్రం రెండు లక్షలూ మూడేళ్ల పాటు మన దగ్గరే ఉన్నట్టు లెక్కకట్టారు. నెలకు రెండు వేలు, 36 నెలలకు 72 వేలు. దాన్ని రెండు లక్షలకు కలిపి 36తో భాగిస్తే 7,556 వస్తుంది. ఆఖరి నెలలో శీను దగ్గర మిగిలే కంపెనీ సొమ్ము ఏడున్నర వేలు కూడా ఉండదు. అయినా కిస్తీ నిర్ణయించేటప్పుడు ఆ నెలకూ రెండు వేలు వడ్డీ వేసుకున్నట్టే.

దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. మిగిలిన అసలు మీదే వడ్డీ కట్టే పద్ధతిని తగ్గుతున్న బాకీ మీద వడ్డీ, అంటే రెడ్యూసింగ్ వడ్డీ అంటారు. ఒకే అప్పును ఫ్లాట్‌లో 12 శాతమని, రెడ్యూసింగ్‌లో 21.2 శాతమని చెప్పొచ్చు. కిస్తీలో పైసా తేడా ఉండదు. అందుకే ఏ కంపెనీ ఎంత వడ్డీ చెప్పినా, షెడ్యూలు మొదటి వరసలోని వడ్డీని అప్పులోని వందలతో భాగించి చూస్తే అసలు రేటు తేలిపోతుంది.

అక్క వేలు పద్దెనిమిదో వరసకు దిగింది. 2025 డిసెంబరు 5. ఆ వరస చివర మిగిలిన అసలు 1,15,630 అని ఉంది.

శీను అర్థం కానట్టు చూశాడు. సగం కిస్తీలు అయిపోయాయి కదా, లక్ష మిగలాలి కదా అన్నాడు. మొదటి వరసలో వడ్డీ ఎంత, పద్దెనిమిదో వరస తర్వాత ఎంత అని అక్క చూపించింది. మొదట్లో కిస్తీలో సగానికి దగ్గరగా వడ్డీకే పోయింది. పంతొమ్మిదో కిస్తీలో వడ్డీ రెండు వేల పైచిలుకు, ఆఖరి కిస్తీలో నూట ముప్పై రూపాయలు. వడ్డీ బరువంతా ముందు నెలల్లోనే ఉంటుంది. పద్దెనిమిది కిస్తీలకు కట్టాల్సింది 1,36,000. అందులో అసలుకు చేరేది 84 వేలు. మిగతా 52 వేలూ వడ్డీ. రెండో లోను అమ్మేవాళ్లు సరిగ్గా ఈ మధ్య దశలోనే ఎందుకు వస్తారో ఇక్కడ తెలుస్తుంది. ఎక్కువ వడ్డీ కట్టే భాగాన్ని డ్రైవరు దాటేశాడు. ఇకపై అతను కట్టేదాంట్లో ఎక్కువ భాగం అసలే. కొత్త లోను పెడితే మళ్లీ మొదటి వరస నుంచి మొదలవుతుంది.

తర్వాత స్టేట్‌మెంటు. షెడ్యూలు అనేది అన్నీ సవ్యంగా జరిగితే ఉండాల్సిన లెక్క. స్టేట్‌మెంటు జరిగిన లెక్క. ఇందులో తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ అని గడులుంటాయి. బ్యాంకు పాస్‌బుక్కు చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడ తికమకపడతారు. లోను స్టేట్‌మెంటులో డెబిట్ అంటే కంపెనీ మన నెత్తిన వేసింది. కిస్తీ గడువు వచ్చినప్పుడు 7,556 డెబిట్‌లో పడుతుంది. మనం కట్టింది క్రెడిట్‌లో పడుతుంది. ప్రతి కిస్తీ డెబిట్‌కూ ఎదురుగా ఒక క్రెడిట్ ఉండాలి. లేకపోతే అది బాకీ.

అక్క ఒక పెన్సిలు తీసుకుని జతలు కలుపుతూ పోయింది. పద్దెనిమిది డెబిట్లున్నాయి. క్రెడిట్లు పదహారే దొరికాయి. అక్టోబరుది శీను కట్టలేదు, అది సరే. సెప్టెంబరుకు కూడా క్రెడిట్ లేదు.

"సెప్టెంబరుది కట్టాను కదక్కా. స్టాండు దగ్గరే ఇచ్చాను, పన్నెండో తారీకున."

"రసీదేది?"

ఆటోలో డ్యాష్‌బోర్డు కింద, బండి కాగితాలున్న ప్లాస్టిక్ కవర్లో రసీదు దొరికింది. చేతి యంత్రంలోంచి వచ్చిన చిన్న చీటీ. అంకెలు వెలిసిపోతున్నాయి, కానీ రసీదు నంబరు, తేదీ, 7,556 అన్న మొత్తం చదవడానికి వీలుగానే ఉన్నాయి. థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకు, వేడికి నెలల్లోనే మాయమవుతుంది. తీసుకున్న రోజే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవడం డ్రైవర్లందరూ చేయాల్సిన పని.

ఆ పడని రసీదు ఒక్క కిస్తీతో ఆగలేదు. స్టేట్‌మెంటులో చార్జీల కింద మొత్తం 4,130 ఉంది. అందులో అయిదు బౌన్సులకు, ఒక్కోదానికి 590 చొప్పున 2,950. మిగిలిన 1,180 ఆలస్యానికి వేసిన జరిమానా. ఆ జరిమానాలో 680 రూపాయలు కట్టేసిన సెప్టెంబరు కిస్తీ మీదే నెలనెలా పడుతూ వచ్చింది.

జరిమానా విషయంలో తెలిసి ఉండాల్సిన నిబంధన ఒకటుంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, కిస్తీ ఆలస్యమైతే కంపెనీ వడ్డీ రేటు పెంచి జరిమానా వడ్డీ వేయడానికి వీల్లేదు. వేసేది చార్జీ మాత్రమే కావాలి. ఆ చార్జీని అసలుకు కలిపి దాని మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. స్టేట్‌మెంటు చదివేటప్పుడు దీన్ని పట్టుకోవడం తేలిక. షెడ్యూలులో మిగిలిన అసలు, స్టేట్‌మెంటులో మిగిలిన అసలు పక్కపక్కన పెట్టాలి. కట్టని కిస్తీలు తీసేశాక కూడా స్టేట్‌మెంటులో అసలు ఎక్కువ కనిపిస్తే, చార్జీలేవో అందులోకి ఎక్కాయన్నమాట. శీను స్టేట్‌మెంటులో ఆ పొరపాటు లేదు. చార్జీలు విడిగానే ఉన్నాయి.

మర్నాడు శీను రసీదు జిరాక్సు జతచేసి బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. ఇచ్చిన కాగితం రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాడు. నోటిమాటగా చెప్పి రాకుండా ఇలా చేయమన్నది అక్కే. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టడానికి రుసుము లేదు. 14448కి ఫోన్ చేసి వివరాలు అడగొచ్చు. అక్కడ మొదట చూసేది, ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేసిన ఆధారం ఉందా అనే. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదై, కొంత పరిమాణం దాటిన ఫైనాన్స్ కంపెనీలకే ఈ దారి వర్తిస్తుంది. ఊళ్లో చిట్టా రాసుకుని వడ్డీకిచ్చేవాళ్ల మీద ఇది పనిచేయదు.

శీను అంతదూరం వెళ్లాల్సిన పని పడలేదు. వారం లోపే కంపెనీ ఆ రసీదును ఖాతాలో వేసింది, 680 రూపాయల జరిమానా వెనక్కి తీసేసింది. బాకీ ఒక కిస్తీ, 3,450 చార్జీలు మిగిలాయి, మొత్తం 11,006.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఆలోచించాలి. శీను ఆ రోజు స్టాండులోనే ఓటీపీ చెప్పి ఉంటే ఏమయ్యేది? పాత ఖాతా, అందులోని తప్పు లెక్కతో సహా, కొత్త లోను డబ్బుతో మూతపడేది. సెప్టెంబరు కిస్తీ రెండోసారి కట్టినట్టయ్యేది. మూసేసిన ఖాతాలో, ఆర్నెల్ల తర్వాత, అచ్చు వెలిసిపోయిన రసీదు పట్టుకుని ఎనిమిది వేలు వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పాత అప్పును కొత్త అప్పుతో తీర్చేటప్పుడు పాత స్టేట్‌మెంటు చదవడం అందుకే అంత ముఖ్యం. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవరు.

సరిచేసిన ఫోర్‌క్లోజర్ లెటర్ వచ్చింది. మిగిలిన అసలు 1,15,630, పాత బాకీ 11,006. వీటికి తోడు, గడువుకు ముందే మూసేస్తున్నందుకు అసలు మీద 4 శాతం, దానిపై జీఎస్టీ కలిపి 5,458. మొత్తం 1,32,094.

ముందస్తు చెల్లింపు చార్జీలు రద్దయ్యాయని స్టాండులో ఎవరో అన్నారు. ఆ మాట సగమే నిజం. రిజర్వు బ్యాంకు 2025 జులైలో ఇచ్చిన ఆ ఆదేశం 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, లేదా రెన్యువల్ అయ్యే అప్పులకు వర్తిస్తుంది. అది కూడా మారే వడ్డీ, అంటే ఫ్లోటింగ్ రేటు ఉన్నవాటికే. ఆటో లోన్లు చాలావరకు స్థిర వడ్డీవి. శీనుది స్థిర వడ్డీయే, పైగా 2024 నాటిది. ఒప్పందంలో రాసిన చార్జీ అతను కట్టాల్సిందే.

ఇక కొత్త లోను కాగితం. 2024 అక్టోబరు 1 నుంచి, వ్యక్తులకిచ్చే ప్రతి కాలపరిమితి అప్పుకూ సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. అప్పు ముఖ్య వివరాలన్నీ ఒకే చోట రాసిన పత్రం అది. శీను మొదటి లోను తీసుకున్నది అంతకు మూడు నెలల ముందు కాబట్టి అప్పుడు అతనికది రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఇంగ్లీషులో, వాట్సాప్‌లో. తెలుగులో కావాలని శీను అడిగాడు. అడిగే హక్కుంది, తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలన్నది నియమం. మరో వెసులుబాటు కూడా ఉంది. ఆ పత్రం ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాలి. ఆ మూడు రోజుల్లో ఒప్పుకుంటే అవే షరతులతో అప్పివ్వడానికి కంపెనీ కట్టుబడాలి. "ఈ రోజు సాయంత్రంలోపు చెప్పకపోతే ఆఫర్ పోతుంది" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

అందులో శీను వెతకాల్సిన గడి ఏపీఆర్ అన్నది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, కంపెనీ ద్వారా కట్టించే బీమా వంటివన్నీ కలిపితే అప్పు సాలుకు ఎంత శాతం పడుతుందో చెప్పే అంకె అది. వడ్డీ గడిలో 21.2 శాతం అనే ఉంది. ఏపీఆర్ మాత్రం 25.5 శాతం. మధ్యలో నాలుగు శాతం పైగా ఎక్కడిదంటే, ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 4,720, బీమా 6,500. ఇది బండి బీమా కాదు. అప్పు తీసుకున్నవాడు చనిపోతే బాకీ తీర్చే బీమా. చట్టం తప్పనిసరి చేసింది బండికి థర్డ్ పార్టీ బీమానే. ఈ లోను బీమా వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు. ఇంటిల్లిపాదీ ఒక్కడి సంపాదన మీదే బతికే ఇంట్లో దానికీ ఒక ఉపయోగం ఉంది. కానీ ఎంత బీమా, ఎన్నేళ్లకు, ఎవరి పేరున అన్నది శీనుకు ఎవరూ చెప్పలేదు.

ఆ పత్రంలో రాయని చార్జీని తర్వాత ఎప్పుడైనా వేయాలంటే, అప్పు తీసుకున్నవాడి స్పష్టమైన ఒప్పుదల ఉండాలి. అందుకే ఆ పత్రాన్ని పారేయకుండా దాచుకోవాలి.

అక్క పాత చిట్టా పుస్తకం వెనక పేజీలో లెక్క మొదలుపెట్టింది. కొత్త అప్పు రెండు లక్షలు. పాతది మూయడానికి 1,32,094. ఫీజు, బీమా 11,220. చేతికొచ్చేది 56,686. శీను స్టాండులో అనుకున్న లక్షకు అది సగం పైన కొంచెమే.

"ఇప్పుడు చెప్పు. ఈ యాభై ఆరు వేల కోసం నువ్వు కట్టేదెంత?"

"కిస్తీ అంతే కదక్కా, 7,556. ఏం పెరగలేదు."

"కిస్తీ పెరగలేదురా. నెలలు పెరిగాయి. పాతదైతే ఇంకా పద్దెనిమిది. కొత్తదైతే ముప్పై ఆరు. మొదటి పద్దెనిమిది నెలలు రెండూ ఒకటే. ఆ తర్వాతి పద్దెనిమిది కిస్తీలూ ఈ డబ్బు కోసమే."

పద్దెనిమిది 7,556లు 1,36,008. దానికి బదులుగా వస్తున్నది చేతికి 56,686, తీరిపోయే పాత బాకీ 11,006. రెండూ కలిపి 67,700కి కాస్త తక్కువ. అంటే పుచ్చుకున్నదానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువే కట్టాలి.

రూపాయి ముప్పావలా వడ్డీకి రెట్టింపు ఎందుకవుతుందని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఒక కారణం కాలం, ఆ కిస్తీలు మొదలయ్యేదే ఏడాదిన్నర తర్వాత. రెండో కారణం చార్జీలు. శీను నిజంగా కొత్తగా తీసుకుంటున్న అప్పు రెండు లక్షలు కాదు. రెండు లక్షల్లోంచి పాత అసలు 1,15,630 తీసేస్తే మిగిలే 84,370 మాత్రమే కొత్త అప్పు. ఫీజు, బీమా లెక్కగట్టింది మాత్రం రెండు లక్షలకు. పాతది మూసినందుకు చార్జీ పాత అసలు మీద. ఈ చార్జీలన్నీ కలిపి 16,678. కొత్త అప్పులో దాదాపు అయిదో వంతు శీను చేతికి రాకుండానే పోతోంది, పోయినదాని మీద కూడా మూడేళ్లు వడ్డీ. పత్రంలోని ఏపీఆర్ అంకెలో పాత లోను మూసిన చార్జీ కనిపించదు, ఎందుకంటే అది పాత ఖాతా లెక్క. టాపప్, రీఫైనాన్స్ అన్న పేర్లతో వచ్చే అప్పుల్లో ఆ ఒక్క అంకె చూసి ఊరుకుంటే చాలదనేది ఇందుకే. పాత ఫోర్‌క్లోజర్ లెటర్, కొత్త పత్రం రెండూ పక్కపక్కన పెడితేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది.

అయితే ఇలాంటి అప్పు ఎవరికీ ఎప్పుడూ పనికిరాదని కాదు. చేతికి చిక్కే డబ్బుతో తప్ప బండి రోడ్డెక్కదు, వేరే దారి లేదు, కిస్తీ ఒక్క రూపాయి పెరిగినా కట్టలేను అన్నవాడికి ఇదొక్కటే దారి కావచ్చు. నెలకు మూడు రూపాయలు, అయిదు రూపాయల వడ్డీకి తేవడం కన్నా మేలే. శీను అవసరం మాత్రం అది కాదు. ఇంజనుకు 18,000, పాత బాకీకి 11,006. ముప్పై వేలు దొరికితే అతని పని అయిపోతుంది.

అక్క తన సంఘం పొదుపులోంచి ముప్పై వేలు అడిగింది. సంఘం తీర్మానం రాసి, రూపాయి వడ్డీకి పద్దెనిమిది నెలల గడువుతో ఇచ్చింది. సంఘంలో వడ్డీ కట్టేది మిగిలిన అసలు మీదే, అంటే ఇది అసలైన రూపాయి. నెలకు 1,829. మొత్తం వడ్డీ మూడు వేల లోపు. నెలకు రెండు కిస్తీలు కట్టడం అంటే రోజుకు అరవై రూపాయలు అదనంగా పక్కన పెట్టాలి. బేరాలు తగ్గిన రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు. పైగా అప్పు ఉన్నది అక్క పేరున. శీను తప్పితే సంఘంలో పదిమంది ముందు మాట పడేది ఆమె. ఈ సంగతి ఆమె అతనికి సూటిగానే చెప్పింది, రాతపూర్వకంగా కూడా రాయించుకుంది.

కంపెనీ కుర్రాడు మూడో రోజు మళ్లీ స్టాండుకు వచ్చాడు. వద్దని శీను చెప్పాడు. ఎందుకన్నా అని అతనడిగితే చిట్టా పేజీ ఫొటో చూపించాడు. ఆ కుర్రాడు కాసేపు చూసి, పాత లోను మూసే చార్జీ తీయించడానికి మేనేజరుతో మాట్లాడతానన్నాడు. అదీ తెలుసుకోదగ్గ సంగతే. అదే కంపెనీలో పాతది మూసి కొత్తది తీసుకునేటప్పుడు ఆ చార్జీ వదిలేయమని అడగొచ్చు, ఫీజు తగ్గించమనొచ్చు, లోను బీమా తీసేయమనొచ్చు. అడగనివాడికి ఎవరూ తగ్గించరు. ఆ మూడూ తీసేసినా, రూపాయి ముప్పావలా వడ్డీ అలాగే ఉంటుంది కాబట్టి శీను మనసు మార్చుకోలేదు.

జనవరి మొదటి వారంలో అతను స్టేట్‌మెంటు మరోసారి తీశాడు. బాకీ గడిలో సున్నా ఉంది. పంతొమ్మిదో కిస్తీ క్రెడిట్ అయింది. మిగిలిన అసలు 1,10,119 దగ్గరికి దిగింది, షెడ్యూలులోనూ అంతే. రూపాయి అటూఇటూ ఉంటే అది రౌండింగు తేడా అని అక్క ముందే చెప్పింది. సెప్టెంబరు బాకీ తప్పుగా నమోదైంది కాబట్టి, క్రెడిట్ బ్యూరో రికార్డులో కూడా అది సరయిందో లేదో చూడాలి. సిబిల్ వంటి నాలుగు బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇస్తాయి. ఫిబ్రవరిలో అది తీసి చూడాలని శీను ఫోన్లో అలారం పెట్టుకున్నాడు.

ఆఖరి కిస్తీ 2027 జూన్ 5న. దాంతో పని పూర్తి కాదు. బండి ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు హైపోథికేషన్ కింద ఉంది. కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఇస్తేనే ఆ పేరు తీసేస్తారు. ఆ పత్రం ఇచ్చేముందు కంపెనీ ఖాతాలో మిగిలిన చార్జీలన్నీ చూస్తుంది. 590 రూపాయల పాత బౌన్సు చార్జీ ఒక్కటి మిగిలినా పత్రం ఆగిపోవచ్చు. శీను అందుకే 3,450 చార్జీలను కిస్తీతో పాటే కట్టేసి, రసీదులో ఏది దేనికని విడివిడిగా రాయించుకున్నాడు.